తోలా, రెక్సినా: కోసిన చోట తెలుస్తుంది

పశువు చర్మంలో కొల్లాజెన్ అనే ప్రొటీను సన్నని పోగులుగా ఉంటుంది. ఆ పోగులు కట్టలు కట్టుకుని, ఒక కట్టలోంచి ఇంకొకటి దూరుతూ, పైకీ కిందకీ పక్కలకీ పెనవేసుకుంటాయి. తోలు పదును చేసేటప్పుడు సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలనూ, వాటితో పాటు అన్నిటికంటే పైనున్న పలచని పొరనూ తీసేస్తారు. ఆ పైన మిగిలేదే తోలు. అందులో వెంట్రుకల కుదుళ్లు ఉన్న పై భాగంలో పోగులు చాలా సన్నగా, ఒత్తుగా ఉంటాయి. కిందికి దిగేకొద్దీ అవి లావెక్కి వదులవుతాయి. ఈ మార్పు క్రమంగా జరుగుతుంది కాబట్టి రెండు భాగాల మధ్య గీత గీసినట్టు హద్దు కనపడదు. పై ముఖం మీద కనిపించే వెంట్రుక రంధ్రాలు, సన్నని ముడతల తీరును వ్యాపారంలో గ్రెయిన్ అంటారు. మాంసం అంటి ఉండిన అడుగు వైపు నూగుగా ఉంటుంది.

కృత్రిమ తోలు తయారీ ఇందుకు పూర్తిగా వేరు. అది ఒక బట్ట మీద ప్లాస్టిక్ పూత. బట్ట అల్లినది కావచ్చు, నేసినది కావచ్చు, ఫెల్టులా ఒత్తి చేసినది కావచ్చు. పూత పీవీసీ అయితే మన దగ్గర దాన్ని రెక్సిన్ అంటారు. రెక్సిన్ అనేది మొదట ఇంగ్లండులో నైట్రోసెల్యులోజ్ పూసిన బట్టకు పెట్టిన వ్యాపార నామం. ఇప్పుడు ఆ తరహా సరుకంతటికీ అదే పేరు స్థిరపడింది. పూత పాలీయురెథేన్ అయితే పీయూ అంటారు. పీయూ సరుకులో చాలా భాగం కాగితం మీద తయారవుతుంది. తోలు ముడతల అచ్చు ఉన్న ఒక ప్రత్యేక కాగితం మీద ద్రవరూపంలోని పీయూను పలచగా పరిచి ఆరబెడతారు. దాని మీద జిగురు పూసి, బట్టను అతికించి, చివరికి కాగితాన్ని ఒలిచేస్తారు. అచ్చు ముఖం బయటికి వస్తుంది.

కాబట్టి అనుకరణ అంతా పై ముఖంలోనే ఉంటుంది. ముఖాన్ని అచ్చు వేయవచ్చు. మందం పొడవునా పెనవేసుకున్న పోగుల అల్లికను అచ్చు వేయడం కుదరదు. దగ్గరగా తీసిన ఫొటోలో ముందు గ్రెయిన్, తర్వాత కోసిన అంచు, ఆ తర్వాత వెనక వైపు చూస్తారు. తీర్పు మాత్రం ఎక్కువసార్లు అంచు దగ్గరే తేలుతుంది.

ఫొటో ఎలా ఉండాలి

ముందుగా చూసుకోవలసింది ఫొటోలో ఒక మిల్లీమీటరుకు ఎన్ని పిక్సెళ్లు వచ్చాయన్నది. 40 సెంటీమీటర్ల బ్యాగు మొత్తం 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో పట్టిందంటే మిల్లీమీటరుకు 10 పిక్సెళ్లే దక్కుతాయి. 0.15 మిల్లీమీటర్ల పూత అందులో పిక్సెలున్నర. ఎంత పెద్దది చేసి చూసినా అక్కడ ఏమీ ఉండదు. అదే ఫోను దగ్గరికి తెచ్చి 2 సెంటీమీటర్ల మేర మాత్రమే ఫొటోలో పట్టేలా తీస్తే మిల్లీమీటరుకు 200 పిక్సెళ్లు వస్తాయి. ఆ పూత 30 పిక్సెళ్ల పట్టీగా కనిపిస్తుంది. ఫోనుకు మాక్రో సదుపాయం లేకపోతే గడియారాలు బాగుచేసేవారు వాడే 10 రెట్ల భూతద్దాన్ని లెన్సుకు ఆనించి తీయవచ్చు. పక్కనే మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు ఒకటి, అంచుతో సమానమైన ఎత్తులో పెట్టాలి. అది లేని ఫొటోలో దేని మందం ఎంతో చెప్పడానికి ఆధారం ఉండదు.

తర్వాతది వెలుతురు. ఫోను ఫ్లాష్ నేరుగా పడితే రంధ్రాల్లోని నీడలు మాయమై ముఖమంతా బల్లపరుపుగా కనిపిస్తుంది. కిటికీ పక్కన పెట్టి, వెలుగు ఒక పక్క నుంచి ఏటవాలుగా జారేలా తీస్తే ప్రతి గుంటకూ ఒక వైపు నీడ, ఇంకో వైపు వెలుగు పడి లోతు తెలుస్తుంది. అంచును తీసేటప్పుడు మాత్రం వెలుగు ఆ కోసిన ముఖం మీదే పడాలి. తీసిన ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే అది కుదించుకుపోయి సన్నని పోగులు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపిస్తే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

గ్రెయిన్ చెప్పేదెంత

పై ముఖాన్ని రుద్దకుండా, మందంగా పూత వేయకుండా ఉంచిన తోలులో వెంట్రుక రంధ్రాలు నిజమైన రంధ్రాలు. వెంట్రుక చర్మంలో ఏటవాలుగా మొలుస్తుంది కాబట్టి రంధ్రం కూడా ఒక పక్కకు వాలి ఉంటుంది. ఏటవాలు వెలుగులో దాని అడుగు చీకటిగా కనిపిస్తుంది. పశువును బట్టి వాటి అమరిక మారుతుంది. ఆవు తోలులో రంధ్రాలు దాదాపు ఒకే పరిమాణంలో, ఇంచుమించు సమానంగా పరుచుకుని ఉంటాయి. మేక తోలులో కొన్ని పెద్ద రంధ్రాలు చిన్న వరుసగా, వాటి వెంట సన్నవి గుంపుగా కనిపిస్తాయి. పంది తోలులో మూడేసి రంధ్రాలు త్రికోణంగా ఉంటాయి. వెంట్రుక మొత్తం మందంలోకి దిగి ఉంటుంది కాబట్టి అవే రంధ్రాలు వెనక వైపు కూడా కనిపిస్తాయి. గేదె తోలులో రంధ్రాలు దూరదూరంగా, ముడతలు మోటుగా ఉంటాయి.

ఒకే తోలులో కూడా చోటును బట్టి తీరు మారుతుంది. వెన్ను దగ్గర బిగువుగా, పొట్ట దగ్గర వదులుగా, మెడ దగ్గర పొడుగాటి ముడతలతో ఉంటుంది. ముళ్లు గీరిన గాట్లు, గోమార్లు కుట్టిన మచ్చలు, చర్మం కింది రక్తనాళాల జాడలు కూడా అక్కడక్కడా మిగులుతాయి.

అచ్చు వేసిన ముఖంలో రంధ్రం బదులు గుంట ఉంటుంది. దాని అడుగు గుండ్రంగా, మిట్ట ఎంత మెరుస్తుందో అంతే మెరుస్తూ కనిపిస్తుంది. అచ్చు తిరిగి మొదలయ్యే చోట ముడతల ఆకారం కూడా తిరిగి మొదలవుతుంది. వంకర తిరిగిన ఒక ముడత కొన్ని సెంటీమీటర్ల అవతల అదే వంకరతో మళ్లీ కనిపిస్తే అది అచ్చే. దీన్ని పట్టుకోవాలంటే దగ్గరి ఫొటో ఒక్కటే చాలదు. ఒకటి రెండు అడుగుల మేర పట్టే ఫొటో కూడా కావాలి.

అయితే అచ్చు ఉన్నంత మాత్రాన అది రెక్సిన్ అని తేల్చకూడదు. గాట్లు, మచ్చలు ఎక్కువగా ఉన్న అసలు తోలును కూడా కార్ఖానాలో పై ముఖం రుద్ది, రంగు పూత వేసి, వేడి పలకతో గ్రెయిన్ అచ్చు ఒత్తుతారు. బజారులో దొరికే తోలు వస్తువుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. వాటిలోనూ గుంటలు మెరుస్తాయి, ముడతలు తిరిగి వస్తాయి. వాలు రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తే తోలు అనడానికి గట్టి ఆధారం దొరికినట్టు. కనిపించకపోతే ఇంకా ఏమీ తేలలేదని మాత్రమే అర్థం.

వస్తువును వంచి తీసిన ఫొటో కొంత అదనపు సమాచారం ఇస్తుంది. తోలు వంగిన చోట సన్నని ముడతలు చాలా పడి, నిటారు చేయగానే చాలావరకు సర్దుకుంటాయి. మందమైన పీవీసీ పూత ఒకటి రెండు పెద్ద మడతలుగా వంగుతుంది. పలచని మెత్తటి పీయూ మాత్రం తోలులాగే ముడత పడగలదు కాబట్టి ఇదీ చివరి మాట కాదు.

కోసిన అంచు

అసలు తోలు అంచు దగ్గరి ఫొటోలో మెరుపు లేకుండా, చించిన ఫెల్టు ముక్కలా ఉంటుంది. పై అంచు వెంట పోగులు విడిగా కనిపించనంత ఒత్తుగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ కట్టలు కట్టలుగా విడిపడతాయి. కొన్ని పోగులు అడ్డంగా పోతాయి, కొన్ని కత్తికి తెగి కొసలు బయటికి చూపిస్తాయి. వాటి మధ్య దూరంలో ఏ క్రమమూ ఉండదు.

రంగు కూడా ఒక సాక్ష్యమే. తంగేడు చెక్క, కరక్కాయ లాంటి వాటితో పదును చేసిన తోలు అంచు పొడుగునా గోధుమ రంగులో ఉంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలుకు అద్దకానికి ముందు నీలి బూడిద రంగు వస్తుంది. అద్దకం లోపలిదాకా దిగకపోతే రెండు పక్కల రంగు పట్టీలు, నడుమ ఆ నీలి బూడిద చార కనిపిస్తాయి. పై నుంచి చూసిన వారికి ఇది పొరలు అతికించినట్టు అనిపించవచ్చు. కానీ ఇక్కడ రంగు మారుతుంది తప్ప పోగులు తెగవు; ఒక రంగులో మొదలైన పోగు ఇంకో రంగులోకి సాగుతుంది.

పూత బట్ట అంచులో పొరలు నిజంగానే విడిగా ఉంటాయి. పైన నున్నని ప్లాస్టిక్ గీత. రెక్సిన్‌లో తరచుగా దాని కింద నురుగు పొర ఉండి, తెగిన బుడగలు గుండ్రని గుంటలుగా, ఇడ్లీని కోస్తే కనిపించే రంధ్రాల్లా కనిపిస్తాయి. దాని కింద బట్ట. దారాలు సమానమైన దూరంలో, సమానమైన లావుతో కొసలు చూపిస్తాయి. పొరకూ పొరకూ మధ్య సూటి గీత ఉంటుంది. వాడిన వస్తువులో అంచు దగ్గర ఆ గీత వెంటే పూత లేస్తుంది.

చిక్కు ఏమిటంటే కోసిన అంచు సులువుగా దొరకదు. తయారీదారులు అంచును లోపలికి మడిచి కుడతారు, లేదా దాని మీద మందమైన రంగు పూస్తారు. రంగు పూసిన అంచు అసలుకూ నకలుకూ ఒకేలా ఉంటుంది. ఎవరూ రంగు వేయని చోట్లు వెతకాలి: పర్సులో కార్డు అరల లోపలి అంచు, వాచీ పట్టీకి కొట్టిన రంధ్రం, బూటు నాలుక లోపలి కొస, బ్యాగు జిప్పుకు వేలాడే చిన్న ముక్క. క్లిప్పు బకిల్ ఉన్న బెల్టు అయితే ఇంకా తేలిక. నడుముకు తగ్గట్టు కత్తిరించుకోవడానికి వీలుగా బకిల్ వైపు కొసను రంగు లేకుండానే వదిలేస్తారు. క్లిప్పు తెరిస్తే ఆ కొస బయటికి వస్తుంది.

వెనక వైపు

తోలు వెనక వైపు పోగులు నూగుగా లేచి ఉంటాయి. వేలితో ఒక దిక్కుకు నిమిరితే నూగు వాలి ఛాయ మారుతుంది. దగ్గరి ఫొటోలో పోగులు రకరకాల పొడవుల్లో, రకరకాల లావుల్లో కనిపిస్తాయి. రెక్సిన్ వెనక అల్లిక బట్ట గళ్లు తెలుస్తాయి.

వెనక వైపు రెండు రకాలుగా మోసపోయే వీలుంది. తోలు బ్యాగుకు లోపల అస్తరు వేస్తారు. బట్ట కనిపించింది కదా అని దాన్ని నకిలీ అనుకోవడం తప్పు. అస్తరుకు, తోలుకు మధ్య కుట్టు విడిన సందు దొరికితేనే అసలు వెనక వైపు చూసినట్టు. రెండోది దీనికి తిరగబడ్డది. కృత్రిమ సరుకు వెనక సన్నని నూలు పొడిని జిగురుతో అంటించి తోలు నూగులా చేస్తారు. ఆ నూగు అంతా ఒకే ఎత్తులో, దువ్వెనతో దువ్వినట్టు ఉంటుంది. అంచులో చూస్తే అది ఒక విడి పొర. వెనక వైపు చెప్పిన మాటను అంచు ఒప్పుకుంటేనే నమ్మాలి.

తోలుకూ నకలుకూ నడుమ

ఆవు, గేదె తోళ్లు మందంగా ఉంటాయి కాబట్టి కార్ఖానాలో యంత్రపు కత్తితో అడ్డంగా చీలుస్తారు. గ్రెయిన్ ఉన్న పై పొర ఖరీదైనది. కింది పొరను స్ప్లిట్ అంటారు. అది తోలే, కానీ దానికి గ్రెయిన్ ఉండదు. దాని మీద పీయూ పొర అతికించి, అచ్చు ఒత్తి అమ్ముతారు. అంచు ఫొటోలో ప్లాస్టిక్ గీత కింద వెంటనే లావైన, వదులైన పోగులు మొదలవుతాయి. ఒత్తైన సన్నని పోగుల భాగమే కనిపించదు.

పూత ఎంత దాకా ఉంటే తోలు అనవచ్చన్న ప్రశ్నకు ఐరోపా పాదరక్షల లేబుళ్ల నిబంధనలో జవాబు ఉంది. 1994లో వచ్చిన ఆ నిబంధన ప్రకారం పూత 0.15 మిల్లీమీటర్లు దాటి, మొత్తం మందంలో మూడో వంతుకు మించకపోతే దాన్ని పూత తోలుగా పేర్కొనాలి. లేబుల్ మీద తోలుకు పరిచిన చర్మం బొమ్మ, పూత తోలుకు అదే బొమ్మలో ఒక డైమండు ఆకారం, ప్లాస్టిక్ వంటి ఇతర పదార్థాలకు డైమండు ఒక్కటే వేస్తారు. ఎగుమతికి తయారైన చెప్పులు, బూట్ల మీద ఈ బొమ్మలు మన బజారులోనూ కనిపిస్తుంటాయి.

బాండెడ్ లెదర్ ఇంకొక రకం. తోలు తుక్కును పొడిలా నలిపి, జిగురుతో కలిపి, అట్టలా ఒత్తుతారు. పోగులు పొట్టిగా తెగి ఉంటాయి, పెనవేత ఉండదు. అంచు రంపపు పొట్టుతో చేసిన అట్టలా పొడిపొడిగా రాలుతుంది.

వీటన్నిటికంటే కష్టమైనది మైక్రోఫైబర్. ఇందులో అతి సన్నని కృత్రిమ పోగులను ఫెల్టులా పెనవేసి, మధ్యలో పీయూ నింపుతారు. జపాన్‌కు చెందిన తోరే సంస్థ 1970లో తెచ్చిన అల్ట్రాస్వెడ్ ఈ కోవలో తొలితరం సరుకు. అంచులోనూ వెనకా పోగులే కనిపిస్తాయి. తేడా పోగుల లావులో ఉంది. తోలు పోగుల కట్టలు లావుగా మొదలై చీలి సన్నబడతాయి, మళ్లీ కలుస్తాయి. మైక్రోఫైబర్‌లో అన్నీ ఒకే లావు. కానీ ఈ తేడా ఫోను ఫొటోలో అందదు. సూక్ష్మదర్శిని కావాలి.

ఒక బెల్టు పరీక్ష

35 మిల్లీమీటర్ల వెడల్పు, 3.5 మిల్లీమీటర్ల మందం ఉన్న గోధుమ రంగు బెల్టును ఉదాహరణగా తీసుకోవచ్చు. వెనక జెన్యూన్ లెదర్ అని ముద్ర ఉంది. ముఖం ఫొటోలో ఒత్తైన గ్రెయిన్ కనిపిస్తుంది. పొడవుగా తీసిన ఇంకో ఫొటోలో పంగల కర్ర ఆకారంలో చీలిన ఒక ముడత 12 సెంటీమీటర్లకోసారి తిరిగి వస్తుంది. అంటే గ్రెయిన్ అచ్చుది. తోలా కాదా అన్నది ఇంకా తేలలేదు. వెనక ఫొటోలో గోధుమ రంగు నూగు ఉంది. కొనేవారు సాధారణంగా ఇక్కడే ఆగి తోలని నమ్ముతారు. పక్క అంచుకు మెరిసే రంగు పూశారు కాబట్టి అక్కడ చూడటానికి ఏమీ లేదు.

క్లిప్పు తెరిచి, పట్టీ కొసను స్కేలుతో కలిపి, మిల్లీమీటరుకు 200 పిక్సెళ్లు వచ్చేలా ఫొటో తీస్తే 3.5 మిల్లీమీటర్ల మందం 700 పిక్సెళ్లుగా వస్తుంది. పై నుంచి మొదటి 60 పిక్సెళ్లు నున్నని గోధుమ రంగు గీత. దాని కింద 240 పిక్సెళ్ల మేర నీలి బూడిద రంగులో లావాటి పోగులు. ఆ తర్వాత ఒక సూటి గీత. దాని కింద 360 పిక్సెళ్లు రంపపు పొట్టులాంటి ముదురు పదార్థం. చివరి 40 పిక్సెళ్లు ఒకే ఎత్తున్న నూగు.

మిల్లీమీటర్లలోకి మారిస్తే 0.3 పూత, 1.2 స్ప్లిట్ తోలు, 1.8 బాండెడ్ అట్ట, 0.2 అతికించిన నూగు. పూత కిందే లావాటి పోగులు ఉండడం వల్ల అది గ్రెయిన్ లేని కింది పొర అని తెలుస్తుంది. నీలి బూడిద రంగు క్రోమియం పదునును సూచిస్తుంది. పైన అతికిన పొరను విడిగా లెక్కిస్తే 1.5 మిల్లీమీటర్లలో పూత ఐదో వంతు. పైన చెప్పిన ఐరోపా కొలమానాన్ని దీనికి పెట్టి చూస్తే అది పూత తోలు. ముద్ర పూర్తిగా అబద్ధం కాదు, ఎందుకంటే లోపల తోలు ఉంది. కానీ బెల్టు మందంలో ఒకే ముక్కగా ఉన్న తోలు మూడో వంతు పైచిలుకు మాత్రమే. బరువు మోసే పోగులు ఆ పొరలోనే ఉన్నాయి కాబట్టి, రోజూ వంగే రంధ్రాల దగ్గర మొదట అట్ట చిట్లి, తర్వాత పూత పగులుతుందని ఊహించవచ్చు.

ఫొటో చెప్పలేనివి

పాత వస్తువులో పూత లేచిన చోటు కోసిన అంచుకు సాటి వస్తుంది. పీయూ పూతల్లో చాలా రకాలు గాలిలోని తేమకు కొన్నేళ్లలో విచ్ఛిన్నమై పొలుసులుగా రాలతాయి. సముద్ర తీరపు ఊళ్లలో సోఫాలకు ఇది తరచూ జరుగుతుంది. రాలిన పొలుసు కింద గళ్ల బట్ట కనిపిస్తే అది పూత బట్ట. క్రమం లేని పోగుల నూగు కనిపిస్తే స్ప్లిట్.

అమ్మకపు పేజీల్లోని ఫొటోలకు ఈ పద్ధతి పనికిరాకపోవచ్చు. అవి చాలావరకు వస్తువు మొత్తాన్ని చూపించేవి, మెరుగులు దిద్దినవి, కొన్నిసార్లు ఇంటికి వచ్చే వస్తువువి కూడా కావు. అంచు దగ్గరి ఫొటో పంపమని అడగడం, వచ్చిన వస్తువుతో దాన్ని పోల్చడం తప్ప దారి లేదు. వాసన, తేమ పీల్చే గుణం, సాగుదల ఫొటోలో పడవు. తోలు ఏ పశువుదో కూడా గ్రెయిన్ చెక్కుచెదరకుండా ఉంటేనే చెప్పగలం. రుద్ది అచ్చు ఒత్తిన తోలులో ఆ ఆనవాలు పోతుంది. అంచు మడిచి కుట్టి, లోపల అస్తరు వేసి, ముఖం అచ్చు ఒత్తిన వస్తువు విషయంలో మూడు ఆనవాళ్లూ దాగిపోతాయి. అలాంటి వస్తువుకు ఫొటోతో తీర్పు చెప్పలేరు. కుట్టు విప్పి లోపలి అంచు చూడాలి, లేదా పోగును ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పరీక్షించాలి.